సెలవులో ఉన్న ఉద్యోగి పేరుతో తెరుచుకున్న 212 ఫైళ్లు: ఒక ఓఆథ్ అనుమతిపై కేస్ స్టడీ

టాక్స్ ఆడిట్ నివేదికల గడువు నెలాఖరులో ఉండడం వల్ల సెప్టెంబరు మూడో వారంలో ఏ ఆడిటర్ కార్యాలయంలోనైనా ఊపిరి సలపని పని ఉంటుంది. విజయవాడలోని ఒక కార్యాలయం నుంచి నాకు ఫోను వచ్చింది సరిగ్గా ఆ వారంలోనే. వారి క్లయింటు ఒకరు తన బ్యాంకు స్టేట్‌మెంటు ఉన్న డ్రైవ్ లింకును రుణం కోసం బ్యాంకు అధికారికి పంపితే, ఆ అధికారి ఫోనులో అది లాగిన్ కూడా అడగకుండా తెరుచుకుంది. తన ఖాతా లావాదేవీలు లింకు దొరికిన ఎవరికైనా కనబడుతున్నాయా అని క్లయింటు ఆడిటర్ గారిని నిలదీశారు. ఆడిటర్ గారు ఆ ఫోల్డర్‌ను కార్యాలయంలోని పద్నాలుగు మందికి తప్ప ఎవరికీ ఇవ్వలేదు. ఆ ఒక్క ఫైలు మాత్రం లింకు ఉన్న ప్రతివారికీ కనబడేలా మారిపోయి ఉంది.

వారిది గూగుల్ వర్క్‌స్పేస్ ఖాతా. కంప్యూటర్ వ్యవహారాలు చూసుకునే కుర్రవాడు అడ్మిన్ కన్సోల్‌లో, ఏ ఫైలు మీద ఎవరు ఏమి చేశారో నమోదయ్యే డ్రైవ్ లాగ్ తీసి చూస్తే, ఆ మార్పు చేసిన వ్యక్తిగా సీఏ శిక్షణలో ఉన్న ఒక ఆర్టికల్ అసిస్టెంట్ పేరు కనబడింది. సమయం తెల్లవారుజామున 2 గంటల 10 నిమిషాలు. ఆ రోజు ఆ అమ్మాయి సెలవులో ఉంది. ఆమె ఖాతాను ఎవరో దొంగిలించారని నిర్ణయించుకుని గురువారం సాయంత్రం పాస్‌వర్డ్ మార్చారు, రెండంచెల ధ్రువీకరణను కొత్త ఫోనుకు మార్చారు, తెరిచి ఉన్న సెషన్లన్నిటి నుంచీ సైనౌట్ చేశారు. శుక్రవారం తెల్లవారుజామున అదే 2 గంటల 10 నిమిషాలకు, అదే పేరుతో, మరో ఆరు ఫైళ్లు బయటికి తెరుచుకున్నాయి. కొత్త పాస్‌వర్డ్ అప్పటికి ఆమెకు, ఆ కుర్రవాడికి తప్ప ఎవరికీ తెలియదు కనుక, నేను వెళ్లేసరికి కార్యాలయంలో అనుమానం వాళ్లిద్దరి మీదికి మళ్లింది. పని చేసినది ఎవరన్న ప్రశ్నకు లాగ్ ఇచ్చిన జవాబును వారు అక్షరాలా తీసుకున్నారు. అలా తీసుకోవడం ఎందుకు కుదరదో వివరించడమే ఈ వ్యాసం పని.

పాస్‌వర్డ్ మార్చిన తరువాత కూడా కార్యకలాపం నిమిషం తేడా లేకుండా సాగుతోందంటే, లోపలికి వచ్చేవారు పాస్‌వర్డ్ దారిన రావడం లేదని అర్థం. నేను మొదట తెరిచింది డ్రైవ్ లాగ్ కాదు, ఓఆథ్ లాగ్. పాస్‌వర్డ్ చెప్పకుండానే ఒక యాప్‌కు మన ఖాతాలోకి ప్రవేశం ఇచ్చే పద్ధతి పేరు ఓఆథ్. అందులో జూన్ 17న ఆ అమ్మాయి ఖాతా నుంచి ఒక యాప్‌కు అనుమతి ఇచ్చినట్టు నమోదై ఉంది. అది పీడీఎఫ్ స్టేట్‌మెంట్లను ఎక్సెల్‌గా మార్చే యాప్. ఈ లాగ్‌లు ఆరు నెలలు మాత్రమే నిలుస్తాయి. జూన్ నాటి వరుస సెప్టెంబరులో దొరికింది. అదే విషయం జనవరిలో బయటపడి ఉంటే అనుమతి ఇచ్చిన ఆనవాలే ఉండేది కాదు, అనుమతి మాత్రం అలాగే ఉండేది.

ఆమెను అడిగితే దాపరికం లేకుండా చెప్పింది. “అవును సార్, నేనే పెట్టుకున్నాను. రోజుకు ఇరవై స్టేట్‌మెంట్లు చేత్తో టైపు చేయలేక పెట్టుకున్నాను. కానీ నా పాస్‌వర్డ్ దానికి ఇవ్వలేదు సార్. గూగుల్ పేజీలోనే Allow నొక్కాను.” ఆమె చెప్పిన ప్రతి మాటా నిజం. పాస్‌వర్డ్ ఇవ్వలేదన్న ధైర్యమే ఇక్కడ పక్కదారి పట్టించింది.

ఆ రోజు ఆమె బటన్ నొక్కినప్పుడు జరిగినది ఇది. యాప్ ఆమె బ్రౌజర్‌ను గూగుల్ పేజీకి పంపింది. పంపేటప్పుడు చిరునామాలోనే తనకు ఏమేమి కావాలో రాసి పంపుతుంది. ఆ కోరిక సుమారుగా ఇలా ఉంటుంది. యాప్ వివరాలను తీసేశాను.

```
https://accounts.google.com/o/oauth2/v2/auth
  ?client_id=...
  &redirect_uri=https://app.example/callback
  &response_type=code
  &scope=openid email
     https://www.googleapis.com/auth/drive
  &access_type=offline
```

ఇందులో scope అన్న చోట మూడు కోరికలు ఉన్నాయి. మొదటి రెండూ ఈ మనిషి ఎవరు, ఆమె ఈమెయిల్ ఏమిటి అన్నంత వరకే. వెబ్‌సైట్లలో గూగుల్ ఖాతాతో లాగిన్ అయినప్పుడు మామూలుగా వెళ్లేవి ఇవే, వీటితో ఒక్క ఫైలూ, ఒక్క మెయిలూ కనబడవు. మూడోది వేరే జాతి. దానికి గూగుల్ తెర మీద చూపే వాక్యం “See, edit, create, and delete all of your Google Drive files” అని ఉంటుంది. ఆమె అనుమతి నొక్కగానే గూగుల్ ఒక తాత్కాలిక కోడ్‌ను redirect_uri లోని చిరునామాకు పంపింది, యాప్ సర్వరు ఆ కోడ్‌ను చూపి, పాస్‌వర్డ్‌కు బదులు చూపించే రెండు టోకెన్లు తీసుకుంది. ఒకటి యాక్సెస్ టోకెన్, దాదాపు గంటసేపు చెల్లుతుంది. రెండోది రిఫ్రెష్ టోకెన్. మొదటిదాని గడువు తీరిన ప్రతిసారీ రెండోదాన్ని చూపించి కొత్తది తెచ్చుకోవచ్చు. ఈ రెండోది దక్కడానికి కారణం చివరి వరుసలో ఉన్న access_type=offline. మనిషి ఎదురుగా లేనప్పుడు కూడా పని చేస్తానని యాప్ అడిగినట్టు లెక్క.

అనుమతి అడిగే ఆ తెరలో, అంటే కన్సెంట్ స్క్రీన్‌లో, నాకు ఎప్పుడూ కొరతగా తోచేది ఈ విషయమే. ఏమి చూస్తారో, ఏమి మారుస్తారో ఆ తెర వాక్యాల్లో చెబుతుంది. ఎంతకాలమో చెప్పే తేదీ మాత్రం దాని మీద ఉండదు. అనుమతిని రద్దు చేసేవరకు, లేదా యాప్ ఆ టోకెన్‌ను వరుసగా ఆరు నెలలు వాడకుండా వదిలేసేవరకు రిఫ్రెష్ టోకెన్ బతికే ఉంటుంది. రోజూ తెల్లవారుజామున వాడుకునే యాప్ విషయంలో ఆ ఆరు నెలల లెక్క ఎప్పటికీ మొదలుకాదు.

పాస్‌వర్డ్ మార్చినా ఎందుకు ఆగలేదన్న ప్రశ్నకు జవాబు కూడా ఇక్కడే ఉంది, కానీ అందులో ఒక మెలిక ఉంది. గూగుల్‌లో పాస్‌వర్డ్ మారితే జీమెయిల్ స్కోపు ఉన్న రిఫ్రెష్ టోకెన్లు చెల్లకుండా పోతాయి. మెయిల్ చదివే యాప్‌కు ఆమె అనుమతి ఇచ్చి ఉంటే గురువారం సాయంత్రమే అది ఆగిపోయేది, ఆ కుర్రవాడు చేసినది సరిపోయేది. ఇది డ్రైవ్ స్కోపు మాత్రమే ఉన్న టోకెన్ కాబట్టి పాస్‌వర్డ్ మార్పు దానిని తాకలేదు. ఎక్కడో ఒకసారి మెయిల్ యాప్ విషయంలో పాస్‌వర్డ్ మార్చి ఫలితం చూసినవారు అన్ని యాప్‌లకూ అదే వర్తిస్తుందని నమ్మడం నేను తరచుగా చూస్తుంటాను. రెండంచెల ధ్రువీకరణకు కూడా ఇక్కడ పాత్ర లేదు. అది లాగిన్ దగ్గర కాపలా కాస్తుంది, టోకెన్ పట్టుకున్నవాడు లాగిన్ పేజీకే రాడు.

ఇదంతా విన్న ఆడిటర్ గారు తమ వృత్తి భాషలో ఒక మాట అన్నారు. “అంటే మేం స్పెషల్ పవర్ ఆఫ్ అటార్నీ అనుకున్నది జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ అన్నమాట.” పోలిక చాలావరకు కుదురుతుంది. ఒక్క స్టేట్‌మెంటు మార్చిపెట్టమని ఇచ్చిన పత్రంలో ఆస్తి మొత్తం మీద హక్కులు రాసి ఉన్నాయి, గడువు రాసి లేదు. అటార్నీ ఏ సంతకం పెట్టినా అది ఇచ్చినవారి పేరు మీదే నమోదవుతుంది. యాప్ చేసిన పనికి డ్రైవ్ లాగ్‌లో ఆమె పేరు పడడానికి కారణం ఇదే. గూగుల్ దృష్టిలో ఆ పని చేసినది ఆమే, యాప్ ఆమె చేయి మాత్రమే. అందుకే డ్రైవ్ లాగ్ ఒక్కటే చూసి మనిషి మీద నేరం మోపకూడదని, అదే సమయానికి ఓఆథ్ లాగ్‌లో ఆ ఖాతా నుంచి ఏ యాప్ పిలుపులు, అంటే యాప్ గూగుల్‌కు పంపిన కోరికలు, ఉన్నాయో పక్కన పెట్టి చూడాలని ఆ గదిలోనే రెండు పట్టికలూ వేసి చూపించాను. 2 గంటల 10 నిమిషాల ప్రతి వరుసకూ ఎదురుగా ఆ యాప్ పిలుపు ఉంది. ఇద్దరి మీదా ఉన్న అనుమానం అక్కడితో తొలగిపోయింది.

“all of your” అన్న మాటలో ఎంత ఉంది

ఆమె సొంత డ్రైవ్‌లో ఉన్నవి నాలుగు వందల ఫైళ్లు కూడా లేవు. అయితే ఆడిటర్ గారు కార్యాలయం ఫోల్డర్ మొత్తాన్ని పద్నాలుగు మందికీ ఎడిటర్ హోదాతో పంచి ఉంచారు. తెర మీది వాక్యంలో ఉన్న “your” అన్న మాటను చదివినవారు అవి తాము తయారు చేసిన ఫైళ్లని అనుకుంటారు. drive స్కోపు అలా చూడదు. ఆ ఖాతాతో ఆమె ఏ ఫైలు తెరవగలదో యాప్ కూడా ఆ ఫైలు తెరవగలదు, ఆమె దేనిని మార్చగలదో దానిని మార్చగలదు. ఇతరులు ఆమెకు పంచిన ఫైళ్లూ అందులోకే వస్తాయి. ఆ లెక్కన యాప్ చేతికి అందినవి సుమారు 18,600 ఫైళ్లు. పన్నెండేళ్ల రిటర్నులు, పాన్ కార్డుల స్కాన్లు, భాగస్వామ్య ఒప్పందాలు, అన్నీ అందులో ఉన్నాయి. అనుమతి ఇచ్చినది కార్యాలయంలో అందరికన్నా చిన్న ఉద్యోగి, తెరుచుకున్నది మాత్రం ఆడిటర్ గారి బీరువా.

ఎడిటర్ హోదా అన్నది ఇక్కడ చిన్న వివరం కాదు. డ్రైవ్‌లో యజమాని ప్రత్యేకంగా ఆపితే తప్ప, ఎడిటర్లు ఆ ఫైలును ఇతరులకు పంచగలరు. కన్సెంట్ స్క్రీన్ వాక్యంలో చూడడం, సవరించడం, సృష్టించడం, తొలగించడం అన్న నాలుగు క్రియలు ఉన్నాయి. పంచడం అన్న మాట లేదు. అయినా ఒక ఫైలు ఎవరెవరికి కనబడాలన్నది మార్చడం కూడా ఆ స్కోపు కిందికే వస్తుంది. నేను ఈ సంగతి చెప్పినప్పుడు సాంకేతిక రంగంలో ఉన్నవారు కూడా ఒక్క క్షణం ఆగి ఆలోచిస్తారు.

ఈ యాప్ చేసినది ఏమిటంటే, మార్చిన ఎక్సెల్‌ను, దాని పక్కన మూలమైన పీడీఎఫ్‌ను తన వెబ్ పేజీలో పక్కపక్కన చూపించడానికి రెండింటినీ “Anyone with the link” అన్న స్థితికి మార్చేది. పని అయ్యాక వెనక్కి మార్చేది కాదు. దీనిలో దురుద్దేశం నాకు కనబడలేదు, తొందరలో తీసుకున్న అడ్డదారి కనబడింది. దానికి తోడు అందులో ఒక సౌకర్యం ఉంది. ఒక ఫోల్డర్‌ను చూపిస్తే రోజూ రాత్రి అందులో చేరిన కొత్త పీడీఎఫ్‌లన్నిటినీ తనంతట తానే మార్చిపెడుతుంది. ఆ అమ్మాయి జూన్‌లో ఒకసారి ఆ స్విచ్ వేసి బ్యాంకు స్టేట్‌మెంట్ల ఫోల్డర్‌ను చూపించింది. ఆ తరువాత ఆమె సెలవులో ఉన్నా, పాస్‌వర్డ్ మారినా, తోటివారు ఆ ఫోల్డర్‌లో వేసిన ప్రతి పీడీఎఫ్ తెల్లవారేసరికి ఎక్సెల్ అయింది, రెండూ లోకానికి తెరుచుకున్నాయి.

నష్టాన్ని లెక్కగట్టిన తీరు

అనుమతి వల్ల ఏమి జరగవచ్చు అన్నది ఒక ప్రశ్న, ఏమి జరిగింది అన్నది వేరే ప్రశ్న. మొదటిదానికి కన్సెంట్ స్క్రీన్ జవాబు చెబుతుంది, రెండోదానికి లాగ్ మాత్రమే చెప్పగలదు. క్లయింట్లకు ఏమని చెప్పాలో ఆడిటర్ గారికి తెలియాలంటే రెండో ప్రశ్నకు జవాబు కావాలి. యాప్ చేసిన ఏపీఐ పిలుపులు ఓఆథ్ లాగ్‌లో పద్ధతి పేరుతో సహా కనబడతాయి, ఒక్కో పిలుపుకు జవాబుగా ఎన్ని బైట్లు వెళ్లాయో కూడా ఉంటుంది. వాటిలో ముఖ్యమైనవాటిని పేర్ల వారీగా కూడితే ఈ చిత్రం వచ్చింది.

```
drive.files.list            19
drive.files.get            106
drive.files.create         106
drive.permissions.create   212
```

కింది మూడు వరుసలు ఒకదానితో ఒకటి చక్కగా సరిపోతున్నాయి. 106 పీడీఎఫ్‌లు దిగుమతి అయ్యాయి, 106 ఎక్సెల్‌లు తయారయ్యాయి, రెండూ కలిపి 212 ఫైళ్ల పంపకం మారింది. ఆ 106 పీడీఎఫ్‌ల పరిమాణం మొత్తం 148 ఎంబీ. యాప్‌కు జవాబులుగా వెళ్లినది సుమారు 152 ఎంబీ. తేడా నాలుగు ఎంబీ మాత్రమే. యాప్ మిగతా పద్దెనిమిది వేల ఫైళ్లలోని విషయాన్ని కూడా లాగేసుకుని ఉంటే ఈ అంకె ఇంత దగ్గరగా ఉండదు. ఫోల్డర్ మొత్తం పరిమాణం 40 జీబీకి పైనే. కాబట్టి స్టేట్‌మెంట్లు తప్ప మిగిలిన పత్రాల లోపలి విషయం బయటికి పోలేదని రాతపూర్వకంగా చెప్పగలిగాను.

అయితే పై వరుసలోని 19 నన్ను ఇబ్బంది పెట్టింది. ఆ పిలుపులన్నీ జూన్ 17న, అనుమతి ఇచ్చిన తొలి పది నిమిషాల్లోనే జరిగాయి. ఫైళ్ల జాబితా అడిగే ఆ పిలుపు ఒక్కసారికి గరిష్ఠంగా 1,000 ఫైళ్ల వివరాలు ఇస్తుంది. 18,600 ఫైళ్ల జాబితా మొత్తం తీసుకోవాలంటే సరిగ్గా పంతొమ్మిది పిలుపులు కావాలి. ఇది రుజువు కాదు, ఎందుకంటే పిలుపులో ఏ పరిమితి పెట్టి అడిగారో లాగ్ చూపించదు. కానీ మిగిలిన ఆ నాలుగు ఎంబీ కూడా పద్దెనిమిది వేల ఫైళ్ల పేర్లకు, గుర్తింపు సంఖ్యలకు తగినంతే ఉంది. ఫోల్డర్ ఎంచుకునే మెనూ చూపించడానికి యాప్ మొత్తం జాబితా లాగిందని నా అభిప్రాయం. లోపలి విషయం పోకపోయినా పేర్లు పోయాయి. ఈ కార్యాలయంలో ఫైలు పేరు పెట్టే అలవాటు ప్రకారం పేరులోనే క్లయింటు పేరు, పాన్ నంబరు, సంవత్సరం ఉంటాయి. అందువల్ల నివేదికలో ఈ భాగాన్ని చిన్నది చేసి రాయడానికి నేను ఒప్పుకోలేదు.

తెరుచుకున్న 212 ఫైళ్లను ఎవరైనా చూశారా అన్నది చివరి లెక్క. డ్రైవ్ లింకులోని గుర్తింపు పొడవైన అక్షరాల వరుస, ఊహించి కొట్టడం అసాధ్యం. కనుక లింకు చేతికి వచ్చినవారే చూడగలరు. డ్రైవ్ లాగ్‌లో అజ్ఞాత వీక్షకులు తెరిచినట్టు ఉన్నవి ఐదు ఫైళ్లు. ఒకటి ఆ బ్యాంకు అధికారి. రెండు మరో ఇద్దరు క్లయింట్లు తమ ఇంట్లో వారికి పంపినవని ఫోను చేసి నిర్ధారించుకున్నాం. మిగిలిన రెండింటికి ఆచూకీ దొరకలేదు. ఆచూకీ దొరకని ఆ రెండు ఫైళ్ల క్లయింట్లకు ఆడిటర్ గారు స్వయంగా విషయం చెప్పారు.

మూసివేయడం ఒక్క పని కాదు

అడ్మిన్ కన్సోల్‌లో ఆ అమ్మాయి ఖాతా తెరిచి, సెక్యూరిటీ విభాగంలో కనెక్ట్ అయిన యాప్‌ల జాబితా నుంచి ఆ యాప్‌ను తొలగించాం. రిఫ్రెష్ టోకెన్ అప్పుడే చనిపోయింది. సొంత జీమెయిల్ ఖాతా ఉన్నవారు ఇదే పనిని `myaccount.google.com/connections` పేజీలో చేసుకోవచ్చు. ఫోనులోంచి యాప్‌ను అన్‌ఇన్‌స్టాల్ చేయడం, ఆ వెబ్‌సైట్‌లో ఖాతా వాడడం మానేయడం దీనితో సమానం కావు. టోకెన్ ఉండేది యాప్ సర్వరులో, మన ఫోనులో కాదు.

టోకెన్ రద్దు అయ్యాక కార్యాలయంలో అందరూ ఊపిరి పీల్చుకున్నారు. ఆ మధ్యాహ్నమే నా ఫోనులో, లాగిన్ లేని బ్రౌజర్‌లో, ఆ బ్యాంకు అధికారికి వెళ్లిన లింకును మళ్లీ తెరిచి చూపించాను. స్టేట్‌మెంటు నిక్షేపంగా కనబడింది. రద్దు ఇకముందు జరిగేదాన్ని ఆపుతుంది, యాప్ అప్పటికే చేసిపెట్టిన మార్పులను వెనక్కి తీయదు. పంపకం మార్పు ఫైలు మీద ఉంటుంది, టోకెన్‌లో కాదు. 212 ఫైళ్లనూ డ్రైవ్ లాగ్ జాబితా ప్రకారం ఒక చిన్న స్క్రిప్టుతో పాత స్థితికి తెచ్చి, తరువాత ఇరవై లింకులను చేత్తో పరీక్షించాం. ఇక యాప్ సర్వరుకు వెళ్లిన 106 నకళ్ల సంగతి మన చేతిలో లేదు. డెవలపర్‌కు ఉత్తరం రాస్తే ఫైళ్లను 24 గంటల్లో తొలగిస్తామని జవాబు వచ్చింది. దానిని సరిచూసే మార్గం లేదు కనుక, నివేదికలో ఆ వాక్యాన్ని వారు చెప్పిన మాటగానే రాశాను, జరిగిన విషయంగా రాయలేదు.

అనుమతి తెరను చూసి ఆమె ముందే పట్టుకోగలిగేదా అని ఆడిటర్ గారు అడిగారు. ఈ ప్రశ్నకు నేను ఇచ్చిన జవాబు ఆయనకు అంత నచ్చలేదు. ఆ తెర మీద యాప్ పేరు, బొమ్మ ఉంటాయి, వాటిని ఎంచుకునేది డెవలపరే. 2017 మే 3న సాగిన దాడిలో ఒక దొంగ యాప్ తనకు తాను “Google Docs” అని పేరు పెట్టుకుంది. బాధితులు చూసినది గూగుల్ వారి అసలైన పేజీనే, చిరునామా పట్టీలో ఉన్నదీ అసలు చిరునామానే, అబద్ధం పేరులో మాత్రమే ఉంది. ఆ యాప్ మెయిల్ మీదా పరిచయాల జాబితా మీదా అనుమతి తీసుకుని, వారి పరిచయస్థులందరికీ అదే ఆహ్వానాన్ని పంపుకుంటూ పోయింది. గూగుల్ దాదాపు గంటలో దానిని ఆపింది, అప్పటికి జీమెయిల్ వాడేవారిలో 0.1 శాతం లోపు మంది చిక్కుకున్నారని ప్రకటించింది. ఆ తరువాత తనిఖీ కాని యాప్‌ల ముందు “Google hasn’t verified this app” అన్న హెచ్చరిక పేజీ వచ్చింది. జీమెయిల్, డ్రైవ్‌లకు పూర్తి ప్రవేశం కోరే స్కోపులకు కఠినమైన పరిశీలన కూడా వచ్చింది.

మా కేసులోని యాప్ ఆ పరిశీలన దాటినదే. ఆ అమ్మాయికి హెచ్చరిక పేజీ రాలేదు. తనిఖీ జరిగిందంటే డెవలపర్ ఎవరో తెలిసిందని, అడిగిన స్కోపుకు ఒక కారణం చూపించారని అర్థం. ఆ స్కోపుతో వచ్చిన బలాన్ని రోజూ జాగ్రత్తగా వాడతారన్న హామీ అందులో లేదు. అందువల్ల ఆమె పేరును చూసి, తనిఖీని చూసి పట్టుకునే అవకాశం లేదు. పట్టుకోగల చోటు ఒక్కటే, అది ఆ వాక్యంలోని “all” అన్న మాట. ఒక్క ఫైలును మార్చిపెట్టే పనికి అన్ని ఫైళ్లు ఎందుకని ఆగి ఉండవచ్చు. రోజుకు ఇరవై స్టేట్‌మెంట్లు టైపు చేసే మనిషి సాయంత్రం ఏడు గంటలకు అక్కడ ఆగుతుందని ఆశించి వ్యవస్థను కట్టకూడదు.

కాబట్టి నిర్ణయాన్ని ఆమె చేతి నుంచి తప్పించాం. అడ్మిన్ కన్సోల్‌లోని ఏపీఐ కంట్రోల్స్ విభాగంలో, ఆడిటర్ గారు ఆమోదించిన యాప్‌లకు తప్ప మరే యాప్‌కూ డ్రైవ్, జీమెయిల్ అనుమతి దొరకకుండా కట్టాం. లాగిన్‌కు మాత్రమే వాడే పేరు, ఈమెయిల్ అనుమతులను వదిలేశాం, అవి కూడా ఆపితే రోజుకు పది ఫోన్లు వస్తాయి. దానికన్నా ఎక్కువ ఫలితం ఇచ్చినది రెండో మార్పు. క్లయింట్ ఫోల్డర్లు ఉన్న విభాగంలో సంస్థ బయటికి లింకు ద్వారా పంచడాన్నే నిలిపివేశాం. యాప్ చేయగలిగేది ఆ మనిషి చేయగలిగినంతే కనుక, మనిషికి లేని హక్కు యాప్‌కు కూడా ఉండదు. ఈ అమరిక జూన్‌కు ముందే ఉండి ఉంటే ఆ 212 పిలుపులు ఒక్కొక్కటీ తిరస్కరణతో వెనక్కి వచ్చేవి. పాత సంవత్సరాల ఫోల్డర్లను కూడా పద్నాలుగు మంది నుంచి నలుగురికి కుదించాం. క్లయింటు ఏదైనా అడిగితే ఇప్పుడు పేరు మీద మాత్రమే పంచుతున్నారు. క్లయింట్లలో కొందరు దీని మీద విసుక్కుంటున్నారని విన్నాను.

స్టేట్‌మెంట్లను మార్చే పని మాత్రం ఆగదు. మరో యాప్‌ను ఎంచుకునేటప్పుడు `drive.file` అన్న చిన్న స్కోపుతో పని చేసేదాన్నే చూడమన్నాను. దానితో యాప్‌కు మనం ఎంచి ఇచ్చిన ఫైళ్లు, అది తానే సృష్టించిన ఫైళ్లు మాత్రమే కనబడతాయి. దీనికి ఒక ధర ఉంది. ఫోల్డర్‌లో ఇతరులు వేసిన కొత్త ఫైళ్లు దానికి కనబడవు కాబట్టి రాత్రిపూట తనంతట తాను మార్చిపెట్టే సౌకర్యం ఉండదు, ప్రతి స్టేట్‌మెంటునూ చేత్తో ఎంచాలి. పాత యాప్ పెద్ద స్కోపు అడగడానికి అసలు కారణం ఆ సౌకర్యమే. ఇచ్చిన ఫైలును అది కూడా బయటికి పంచగలదు కనుక, చిన్న స్కోపు ప్రమాదాన్ని పూర్తిగా తీసేయదు. 18,600 ఉన్న చోట దానిని మనం ఎంచి ఇచ్చినవాటికి తెస్తుంది.

అక్టోబరులో కొత్త యాప్‌ను ఆమోదించే రోజున ఆడిటర్ గారు ఆ అమ్మాయినే పక్కన కూర్చోబెట్టుకుని తెర మీది వాక్యం చదివించారు. “only the specific Google Drive files” అన్న దగ్గర ఆమె ఆగి, “ఇందులో only ఉంది సార్” అంది. ఆయన తల ఊపి తన లాగిన్‌తో యాప్‌ను ఆమోదించారు. రోజుకు ఇరవై స్టేట్‌మెంట్లు ఎంచడానికి ఆమెకు ఇప్పుడు సుమారు ఆరు నిమిషాలు పడుతోంది.